మామిడి చెట్టు కింద మిట్టమధ్యాహ్నం

నూజివీడు పక్కన మా బాబాయికి 3 ఎకరాల బంగినపల్లి తోట ఉంది. 35 ఏళ్ల నాటి చెట్లు. అప్పటి పద్ధతిలో చెట్టుకీ చెట్టుకీ 10 మీటర్ల ఎడం ఇచ్చి, ఎకరానికి 40 చొప్పున నాటారు. నాటిన కొత్తలో మధ్యలో మినుము వేసుకునేవాళ్లు, కొన్నాళ్లు వేరుశనగ కూడా వేశారు. ఇప్పుడు ఆ 10 మీటర్ల ఎడం కనిపించదు. కొమ్మలు ఒకదానిలోకి ఒకటి దూరి తోటంతా ఒకటే పందిరి అయిపోయింది. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా లోపలికి అడుగు పెడితే ప్రాణం లేచొస్తుంది. చిన్నప్పుడు సెలవులన్నీ ఆ నీడలోనే గడిపాను. అందుకే ఆ నీడలోనే తోట జబ్బు దాగుందని ఒప్పుకోవడానికి నాకూ బాబాయికీ చాలాకాలం పట్టింది.

ఆ చెట్ల కింద నిలబడి పైకి చూస్తే ముందుగా కనిపించేవి కాయలు కావు. బోసి కొమ్మలు, ఎండు పుల్లలు, మసి పట్టినట్టున్న బెరడు. మొదలు దగ్గర నుంచి మూడు నిలువుల ఎత్తు వరకు ఆకు లేదు. కాయలన్నీ పైన, గొడుగు గుడ్డ మీద కుట్టిన పూసల్లా, బయటి అంచునే ఉంటాయి. కోతకొచ్చిన వాళ్లు చిక్కం కర్రకు ఇంకో కర్ర కట్టి, కొమ్మ మీదకెక్కి ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో అందుకోవాలి. అందనివి రాలి నేలకు కొట్టుకుని పగులుతాయి. మందు కొట్టినా అంతే. కింది నుంచి కొట్టిన మందు ఆకుల పైవైపుకు చేరదు, పూత మీదికి అసలే పోదు. తేనెమంచు పురుగు బెరడు పగుళ్లలో, గుబురు నీడలో హాయిగా దాక్కుంటుంది.

"కాపు తగ్గింది, మందు ఖర్చు పెరిగింది. ఎరువు మార్చి చూద్దామా?" అని బాబాయి అడిగిన ఏడు నేనో తాడు పట్టుకుని వెళ్లాను. 10 మీటర్ల నైలాను తాడు, 20 సెంటీమీటర్లకొకటి చొప్పున 50 ఎర్రగుడ్డ పీలికలు కట్టింది. మిట్టమధ్యాహ్నం ఒక చెట్టు కింద, మొదలు పక్కగా, ఈ చివరి నుంచి ఆ చివరికి నేల మీద పరిచాం. ఎన్ని పీలికల మీద ఎండ పడుతోందో లెక్కపెట్టాం. రెండు. పక్క చెట్టు కింద ఒకటి. ఇంకో చెట్టు కింద మూడు. అంటే పైన పడ్డ ఎండలో నేల దాకా దిగుతున్నది నూటికి నాలుగు పాళ్లు. నేలకు ఎండ తగలకపోతే నష్టమేముంది అనిపిస్తుంది. నేల సంగతి కాదు నేను చూసింది. దిగువ దాకా వెలుతురు రాలేదంటే, ఆ దారిలో ఉన్న కొమ్మలకూ రాలేదనే అర్థం.

వెలుతురు ఆకుల గుండా ఎలా తగ్గుతూ పోతుందో 1953లో జపాన్‌కు చెందిన మోన్సీ, సాయెకి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్క కట్టి చూపించారు. ఒక్కో ఆకుల వరస తనదాకా వచ్చిన వెలుతురులో కొంత వంతు మింగేస్తుంది, మిగిలినదే కింది వరసకు. లెక్క తేలికగా ఉండటానికి ఒక వరస సగం మింగుతుందనుకుందాం. మొదటి వరస దాటేసరికి 100లో 50 మిగులుతుంది. రెండోది దాటితే 25, మూడోది దాటితే 12, నాలుగో దానికి కింద 6. ఈ అంకెలు చెట్టును బట్టి, ఆకుల వాలును బట్టి మారతాయి గానీ తీరు ఇదే. వెలుతురు మెల్లగా తగ్గదు, మొదటి మూడు నాలుగు వరసల్లోనే ఉన్నదంతా అయిపోతుంది. మామిడి ఆకు గుత్తులు గుత్తులుగా, ముదురుగా ఉంటుంది కాబట్టి గుబురు చెట్టులో పై నుంచి ఒక మీటరు, మీటరున్నర లోతుకు వెళ్లేసరికే ఆ మూడు నాలుగు వరసలూ దాటిపోతాం.

ఇందులో నాకు బాగా ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇంకొకటి ఉంది. పైన ఎండలో ఉన్న ఆకు తన మీద పడ్డదంతా వాడుకోలేదు. మామిడి ఆకు పూర్తి ఎండలో దాదాపు మూడో వంతు అందేసరికే పిండిపదార్థం తయారుచేసే పనిలో దాని పైమెట్టుకు దగ్గరైపోతుంది. అంతకు మించి పడే ఎండ దానికి వేడే తప్ప వంట కాదు. అంటే పైనున్న ఆకులు తినలేనంత వడ్డించుకుని కూర్చుంటే, ఒకటిన్నర మీటరు కింద కొమ్మలు పస్తులుంటున్నాయి. పైన ఒకచోట సందు చేస్తే, పై ఆకులకు పోయేది కొంచెం, లోపలి ఆకులకు వచ్చేది చాలా. కత్తిరింపుల శాస్త్రమంతా ఈ ఒక్క తేడా మీదే నిలబడింది.

పస్తులున్న కొమ్మ ఏమవుతుంది? నీడలో ఉన్న ఆకు మిగతా చెట్టు కష్టాన్ని తిని బతుకుతుందని చాలామంది అంటారు. నిజానికి చెట్టు అలా పోషించదు. ప్రతి కొమ్మా చాలావరకు తన ఆకుల సంపాదన మీదే బతకాలి. పూర్తి ఎండలో నూటికి రెండు మూడు పాళ్ల దాకా వెలుతురు దిగిపోతే ఆ ఆకు సంపాదన, ఖర్చు సరికి సరి. అంతకన్నా తగ్గితే కొన్నాళ్లకు ఆకు రాలిపోతుంది, పుల్ల ఎండుతుంది. బాబాయి తోటలో మూడు నిలువుల ఎత్తు వరకు కనిపించిన ఆ బోసితనం తెగులు కాదు, చీకటి చేసిన పని. ఎరువు ఎంత వేసినా ఆ పుల్ల మీద ఆకు రాదు.

చెట్టు పెద్దదవుతున్న కొద్దీ ఈ చీకటి భాగం పెరుగుతుంది. చెట్టు తల బోర్లించిన గిన్నెలా ఉందనుకుందాం. 5 మీటర్ల వ్యాసార్ధం ఉన్న ఆ గిన్నెలో బయటి ఒక మీటరు మందానికే మంచి వెలుతురు అందితే, లెక్కకు మొత్తం చోటులో సుమారు సగమే పనికొస్తుంది, మిగతా సగం కలప గిడ్డంగి. అదే వ్యాసార్ధం రెండున్నర మీటర్లయితే అదే ఒక మీటరు మందం చెట్టులో నూటికి 78 పాళ్లవుతుంది. చిన్న చెట్టుకు మనిషి చెయ్యీ అందుతుంది, ఎండా అందుతుంది.

ఇక పక్క చెట్టు సంగతి. మామిడికి పూత నిర్ణయమయ్యేది చలికాలంలో. డిసెంబరు మూడో వారంలో నూజివీడులో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉండడు, దక్షిణం వైపు వాలి నేలకు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు 10 మీటర్ల చెట్టు నీడ ఉత్తరానికి దాదాపు 8.4 మీటర్లు పడుతుంది. ఉత్తరాన ఉన్న చెట్టు తల 5 మీటర్ల దూరంలోనే మొదలవుతుంది కాబట్టి, మిట్టమధ్యాహ్నం కూడా దాని దక్షిణపు వైపు కింది 4 మీటర్లు నీడలోనే ఉంటాయి. అదే చెట్టు ఎత్తు 6 మీటర్లయితే దాని కొస నీడ సరిగ్గా పక్క చెట్టు అంచు దగ్గర నేలను తాకి ఆగుతుంది. ఉదయం, సాయంత్రం నీడలు ఎలాగూ పొడుగే. అయినా ఈ లెక్క వేశాక బాబాయి చెట్లకు మా లక్ష్యం 6 మీటర్లని తేల్చుకున్నాం. సాళ్ల మధ్య ఎడాన్ని మించి చెట్టు ఎత్తు పెరగనివ్వకూడదని తోటల వాళ్లు చెప్పే మాట ఇక్కడి నుంచే వచ్చింది.

కాయ నాణ్యత దగ్గరికి వస్తే, దాన్ని కళ్లతో చూడటానికి ఒక బకెట్టు నీళ్లు చాలు. బాగా పక్వానికి వచ్చిన బంగినపల్లి కాయ నీళ్లలో మునుగుతుంది. లోపల పిండిపదార్థం గట్టిగా చేరినకొద్దీ కాయ నీటికన్నా బరువెక్కుతుంది. కోత మొదలైన రోజే, ఒకే చెట్టు నుంచి, బయటి ఎండలోవి పది, లోపల నీడలో కాసినవి పది కోయించి బకెట్టులో వేశాం. బయటివాటిలో ఒక్కటి తప్ప అన్నీ మునిగాయి. లోపలివాటిలో నాలుగు తేలాయి, ఇంకో రెండు అటూ ఇటూ కాకుండా ఊగుతూ నిలబడ్డాయి. పైకి చూస్తే పరిమాణంలో పెద్ద తేడా లేదు. ఇరవై కాయలతో శాస్త్రం తేలదు, నీడలో పూత ఆలస్యంగా వచ్చి కాయ వయసే తక్కువై ఉండొచ్చు కూడా. కానీ అమ్మేవాడికి ఆ రెంటికీ తేడా లేదు. కోత ఒకేరోజు జరుగుతుంది, అన్నీ ఒకే గంపలోకి వెళ్తాయి, ఒకే గదిలో మాగుతాయి. తేలిన కాయ రంగు తిరుగుతుంది గానీ తీపి ఎక్కడి నుంచి వస్తుంది? కాయలో చేరిన పిండే మాగేటప్పుడు చక్కెరవుతుంది. చేరని పిండి మాగదు. ఒకే డజనులో రెండు పళ్లు తేనెలా, మూడోది చప్పగా ఉండటానికి సగం కారణం ఇదే.

ఇక్కడొక చిక్కు ప్రశ్న ఉంది. ఈమధ్య మామిడి కాయలకు కాగితపు కవర్లు తొడుగుతున్నారు. గోధుమరంగు కవరు లోపల నల్లకాగితం, వెలుతురు చొరదు. అయినా బంగినపల్లి ఆ కవరులో మచ్చ లేకుండా పచ్చని పసిమితో వస్తుంది, ధర కూడా ఎక్కువే పలుకుతుంది. మరి వెలుతురు లేకపోతే కాయ పాడవుతుందని చెప్పడమేమిటి? బాబాయి ఇదే అడిగాడు. వెలుతురు కావలసింది కాయకు కాదు, దానికి అన్నం పెట్టే ఆకులకు. కాయ పక్కనున్న గుత్తుల్లో, ఆ కొమ్మ మీది ఆకుల్లో తయారైన పిండి కాయలోకి దిగుతుంది. ఆకులు ఎండలో ఉండి కాయ కవరులో ఉంటే తీపికి లోటు లేదు, తోలుకు రాపిడీ ఈగా తగలదు. కాయ ఎండలో ఉండి చుట్టూ ఆకు లేకపోతేనే నష్టం. పడమటి ఎండకు కాయ భుజం మీద మాడిన మచ్చ పడుతుంది, లోపల తీపీ చాలదు.

ఎర్రరంగు తిరిగే రకాలకు మాత్రం లెక్క వేరు. ఉత్తరాంధ్రలో పండే సువర్ణరేఖను చూడండి. ఎండ సోకిన భుజం మీదే ఆ సిందూరపు రంగు తేరుతుంది, ఆకు అడ్డుపడ్డ చోట ఆకు ఆకారంలోనే పసుపు మిగులుతుంది. ఆ ఎరుపు తోలు మీద వెలుతురు పడితేనే తయారవుతుంది. జపాన్‌లో ఆపిల్ పండ్ల మీద అక్షరాల కాగితాలు అంటించి, పండు ఎర్రబడ్డాక ఒలిచి, అక్షరాలు మిగిలిన పండ్లను శుభకార్యాలకు అమ్ముతారు. సూత్రం అదే. కాబట్టి సువర్ణరేఖ తోటలో కత్తెర పట్టినవాడు ఆకుతోపాటు కాయను కూడా దృష్టిలో పెట్టుకోవాలి. బంగినపల్లిలో ఆకును చూసుకుంటే చాలు.

ఎంత కొయ్యాలన్నదానికన్నా ఎప్పుడు కొయ్యాలన్నదే మామిడిలో గట్టి ప్రశ్న. జామ చెట్టును ఎప్పుడు కత్తిరించినా కొత్త చిగురుతోపాటే మొగ్గలు వస్తాయి, దాని పూత లేత కొమ్మ మీదే. మామిడి అలా కాదు. పూత కొమ్మ కొసన వస్తుంది, అదీ ముదిరిన కొమ్మ కొసన. చిగురు రాగిరంగులో పుట్టి, పచ్చబడి, గట్టిపడి, ఆ తర్వాత మూడు నాలుగు నెలలు కదలకుండా విశ్రాంతిగా ఉండాలి. అలాంటి కొసకు నవంబరు, డిసెంబరు చలిరాత్రులు తగిలితే అందులోంచి పూత వస్తుంది. చలి వచ్చేనాటికి చిగురు ఇంకా లేతగా ఉంటే ఆకైనా వేస్తుంది, లేదా మొద్దులా కూర్చుంటుంది.

దీన్ని వెనక్కి లెక్కపెట్టుకుంటే తేదీ దానంతటదే తేలుతుంది. కోత మే చివరికో జూన్ మొదటి పక్షానికో అయిపోతుంది. అయిపోయిన పది పదిహేను రోజుల్లో కత్తిరింపులు ముగించాలి. జూలైలో మొదటి చిగురు వస్తుంది, వానలు బాగుంటే ఆగస్టులో రెండోది. సెప్టెంబరు దాటేసరికి రెండూ ముదురుతాయి. మా ఊళ్లో ఒకాయన పొలం పనులన్నీ తీరాక నింపాదిగా అక్టోబరులో కత్తిరింపులు పెట్టుకున్నాడు. నవంబరులో తోటంతా ఎర్రటి చిగురుతో కన్నుల పండువగా ఉంది. జనవరిలో చుట్టుపక్కల తోటలన్నీ పూత మీద ఉంటే ఆయన తోట పచ్చగా, ఒక్క పూత గెల లేకుండా నిలబడింది. ఒక ఏడు పంట పోయింది. తప్పు కత్తిరింపులదేనని ఆయన ఇప్పటికీ అంటాడు. తప్పు నెలది.

బాబాయిని ఒప్పించడానికి ఇంకో ఏడు పట్టింది. "ఏరా, 35 ఏళ్లు పెంచిన కొమ్మని కోసెయ్యమంటావా? అది కాసిన కాయలు తినే కదరా నువ్వు పెరిగింది" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ముందు మూడు చెట్లకు మాత్రం చేద్దామన్నాను. జూన్ రెండో వారంలో, ఒక వాన పడి తెరపిచ్చాక మొదలుపెట్టాం.

మొదట ఎండు పుల్లలు, తెగులు సోకినవి, నేలకు వేలాడుతున్న కొమ్మలు తీశాం. నేల నుంచి మూడడుగుల దాకా ఖాళీ ఉండాలి, అప్పుడే గాలి ఆడుతుంది, వానకు మట్టి చింది కాయలకు తగలదు. ఈ పని అందరూ చేస్తారు, ఇక్కడితో ఆపేస్తారు కూడా. కానీ ఎండుపుల్ల తీస్తే వెలుతురు రాదు, అది అడ్డుకుంటున్న వెలుతురే లేదు. వెలుతురు కావాలంటే పచ్చకొమ్మ మీద చెయ్యి వెయ్యాలి. మొదటి చెట్టుకు మొదలు నుంచి లేచిన పెద్ద కొమ్మలు ఏడున్నాయి. ఐదు పక్కలకు వాలి ఉన్నాయి, రెండు మాత్రం నడిమధ్య నుంచి నిట్టనిలువుగా లేచి పైన గొడుగు పట్టాయి. ఆ రెండే మన మనుషులు. చుట్టూ తిరిగి, పడుకుని, పైకి చూసి, ఆ రెంటినీ గుర్తుపెట్టుకున్నాం. ఒక ఏడాదిలో చెట్టు ఆకులో నాలుగో వంతుకు మించి తియ్యకూడదని నియమం పెట్టుకున్నాం. రెండూ తీస్తే అంతకన్నా ఎక్కువ పోయేటట్టుంది. అందుకని ఆ ఏడు ఒకటే మొదలంటా తీసి, రెండోదాన్ని 7 మీటర్ల దగ్గర, బయటికి తిరిగిన పక్కకొమ్మ ఉన్నచోటు చూసి తగ్గించాం.

కోసే తీరు గురించి కాస్త వివరంగా చెప్పాలి. అంతకు ముందెప్పుడో ఒకసారి కూలికి వచ్చిన ముఠా ఒక కొమ్మను పై నుంచి ఒకే కోతగా కోశారు. సగం తెగగానే కొమ్మ తన బరువుకు తానే వాలి, మొదలు దాకా బెరడును చీరుకుంటూ కిందపడింది. ఆ గాయంలోంచి రెండేళ్లకు కాండం తొలిచే పురుగు పిప్పి రాలడం మొదలైంది. అందుకే ఈసారి మూడు కోతలు కోశాం. మొదలుకు ఒక అడుగు ఇవతల, కొమ్మ కింది వైపు నుంచి పైకి మూడో వంతు లోతుకు మొదటి కోత. దానికి నాలుగు అంగుళాలు అవతల, పై నుంచి రెండో కోత. ఇప్పుడు కొమ్మ విరిగినా చీలిక మొదటి కోత దగ్గరే ఆగిపోతుంది. చివరికి మిగిలిన మోడును మూడో కోతతో తీసేస్తాం. కొమ్మ మాను నుంచి బయలుదేరే చోట ఉబ్బెత్తుగా ఒక పట్టీ కనిపిస్తుంది. ఆ పట్టీకి తగలకుండా, దానికి ఆనుకుని కొయ్యాలి. గాయాన్ని మూసే కొత్త బెరడు పుట్టేది ఆ పట్టీ నుంచే. మానుకు చదునుగా కోస్తే పట్టీ పోతుంది, గాయం మానదు. మోడు వదిలేస్తే అది కుళ్లి, కుళ్లు మానులోకి దిగుతుంది.

కోసిన ముఖాలకు అదే రోజు బోర్డో పేస్టు పూశాం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. రెంటినీ వేర్వేరుగా, ప్లాస్టిక్ బకెట్లలో నానబెట్టి కలుపుకోవాలి, ఇనుప పాత్ర పనికిరాదు. ఇంకో పని చాలామంది మరిచిపోతారు. 35 ఏళ్లు నీడలో ఉన్న కొమ్మల బెరడుకు ఒక్కసారిగా ఎండ తగిలితే అది మాడి పగులుతుంది, ఆ పగుళ్లలో పురుగు గుడ్లు పెడుతుంది. కాబట్టి కొత్తగా ఎండలోకి వచ్చిన లోపలి కొమ్మల పైవైపుకు సున్నం కొట్టాం. ఒక్కో చెట్టుకు ఇద్దరు మనుషులకు ఒక పూట పట్టింది.

నెల తిరగకుండా కోసిన చోట్ల చిగుళ్లు జుట్టులా లేచాయి. ఒక్కో కోత దగ్గర పది పన్నెండు. బాబాయి మొహం వికసించింది, నాకు గుబులు మొదలైంది. వాటినలా వదిలేస్తే రెండేళ్లలో మళ్లీ అదే గొడుగు, ఇంకా గుబురుగా. అసలు కత్తిరింపుల్లో సగం పని రంపం దించాకే ఉంటుంది. చిగుళ్లు జానెడు పొడవయ్యేసరికి ఒక్కో చోట బయటికి వాలినవి రెండు మూడు ఉంచి మిగతావి చేత్తో తుంచేశాం. నడిమధ్య నుంచి కర్రలా నిటారుగా లేచే నీరుకొమ్మలను మొదట్లోనే తీసేశాం. ఆ వయసులో గోటితో తెగేది, వదిలేస్తే వచ్చే ఏడు రంపం అడుగుతుంది.

మొదటి సంక్రాంతికి ఆ మూడు చెట్లకూ పూత కొంచెం తక్కువే వచ్చింది. కోసిన కొమ్మ వాటా పోయింది, కొత్త చిగురు ఇంకా పూతకు రాలేదు. ఈ సంగతి రైతుకు ముందే చెప్పకపోతే రంపం పట్టించినవాడి మీద నమ్మకం పోతుంది. పెద్దకొమ్మను కోసిన చోట పుట్టిన కొత్త కొమ్మలు కాపుకు రావడానికి రెండు, మూడేళ్లు పడుతుంది. ఆ లోటును మిగతా కొమ్మలు భరించాలి కాబట్టే నాలుగో వంతు నియమం. లక్నో దగ్గర రెహ్మాన్‌ఖేడాలో ఉన్న కేంద్ర ఉద్యాన పరిశోధన సంస్థ పూర్తిగా ముసలితనం వచ్చిన తోటలకు ఇంకో దారి చూపించింది. చెట్టు మొత్తాన్ని 3, 4 మీటర్ల ఎత్తులో మోడు చేసి, చుట్టూ పరుచుకున్న మూడు నాలుగు కొమ్మలు మాత్రం ఉంచి, వాటి మీద కొత్త తలను పెంచడం. తోట మళ్లీ పసితనానికి వెళ్తుంది, కాపు మూడో ఏడు నుంచి మొదలవుతుంది. ఈలోగా ఇంట్లో వేరే ఆదాయం ఉన్నవాళ్లకు, లేదా సాలు విడిచి సాలు చేసుకోగలిగినవాళ్లకు అది మంచి దారి. బాబాయికి తోట తప్ప మరో ఆధారం లేదు. ఆయనకు నిదానమే సరి.

రెండో ఏడు నడిమి రెండో కొమ్మ తీశాం, ఎత్తు 6 మీటర్లకు దింపాం. ఆ మే నెలలో తాడు మళ్లీ పరిచాం. 50లో 11 పీలికల మీద ఎండ పడింది, అదీ ఒకచోట కాదు, చెట్టు కిందంతా చిల్లర పైసల్లా చెదిరి. ఒకచోటే పెద్ద ఎండముద్ద పడుతుంటే చెట్టులో పెద్ద కంత పడిందన్నమాట, అక్కడ భూమి తింటున్న వెలుతురు చెట్టుకు దండగ. ఆపిల్ తోటల మీద చేసిన పరిశోధనల్లో తోట మొత్తానికి పడే వెలుతురులో నూటికి 70 పాళ్ల వరకు చెట్లు అందుకోవచ్చని, అంతకు మించి కమ్ముకుంటే పండు రంగూ రుచీ దెబ్బతింటాయని తేలింది. మామిడికి అదే అంకె యథాతథంగా వర్తిస్తుందని నేననను. కానీ ఎండను ఒక్క చుక్క వదలకుండా పట్టుకున్న తోట కన్నా కాస్త వదిలిన తోట మంచి పండ్లిస్తుందన్నది బకెట్టులో చూసిందే.

కొత్తగా తోట పెట్టేవాళ్లకు ఈ రంపం గొడవ చాలావరకు తప్పించుకునే వీలుంది. అంటు నాటిన మొదటి ఏడాదే, నిటారు కాండాన్ని 60, 70 సెంటీమీటర్ల ఎత్తులో తుంచెయ్యాలి. దాని కింద నుంచి లేచే చిగుళ్లలో నాలుగు దిక్కులకూ తిరిగినవి మూడు నాలుగు ఉంచాలి. అవి అంత పొడవు పెరిగాక మళ్లీ కొసలు తుంచాలి. ఇలా మూడు విడతలయ్యేసరికి చెట్టు నడుమ ఖాళీగా, గిన్నెలా తెరుచుకుంటుంది. చేత్తో తుంచిన ఆ చిన్న కొసే 30 ఏళ్లకు పెద్ద నిలువు కొమ్మ కాకుండా పోతుంది. ఇప్పుడు 5 మీటర్లకు 5 మీటర్ల ఎడంలో ఎకరానికి 160 మొక్కలు పెడుతున్న తోటలు చాలా వచ్చాయి. మొదట్లో కాపు త్వరగా చేతికొస్తుంది. కానీ ఏటా కోత కాగానే కత్తిరింపులు చెయ్యలేనివాళ్లు ఆ ఎడంలో పెట్టకపోవడమే మేలు. 35 ఏళ్లకు బాబాయి తోటకు పట్టిన చీకటి ఆ తోటకు ఏడెనిమిదేళ్లకే పడుతుంది.

మా వైపు ఇంకో పెద్ద అడ్డంకి ఉంది, అది చెట్టులో లేదు. తోటలు చాలావరకు గుత్తకు పోతాయి. పూత మీదే బేరం కుదిరి, కాపంతా వ్యాపారి చేతికి వెళ్తుంది. ఒక్క ఏడాదికి తోట తీసుకున్నవాడు మూడేళ్ల తర్వాత ఫలితమిచ్చే కత్తిరింపులకు డబ్బు పెట్టడు. యజమాని పట్నంలో ఉంటాడు, జూన్ నెలలో తోట ముఖం చూడడు. గుత్త రెండు మూడేళ్లకు రాసుకుని, కత్తిరింపుల ఖర్చు ఎవరు భరించాలో అందులోనే తేల్చుకుంటే ఆ తోటలూ బాగుపడతాయి. బాబాయి తోట గుత్తకు ఇవ్వలేదు కాబట్టే నా మాట చెల్లింది.

పోయిన వేసవిలో ఆ మూడు చెట్లలో మొదటిదాని దగ్గర నిలబడ్డాను. ఒకప్పుడు మసిబొగ్గులా ఉన్న నడిమి కొమ్మ మీద, నా ఛాతీ ఎత్తులో, కొత్త రెమ్మకు మూడు కాయలున్నాయి. చిక్కం అక్కర్లేదు, చెయ్యి చాస్తే అందుతున్నాయి. బాబాయి ఒకటి కోసి, తొడిమ జీడి కారనిచ్చి, బకెట్టు దగ్గరికి తీసుకెళ్లి నీళ్లలో వేశాడు. అది అడుక్కి పోయింది. "మిగతా చెట్లకు జూన్‌లో రంపం మాట్లాడతావా, నన్ను మాట్లాడమంటావా?" అన్నాడు.